ఫొటో లేకపోతే చీర రంగు ఎలా చెప్పాలి

"ఫొటో ఎక్కడం లేదండీ. పచ్చ పట్టు చీర, పెళ్లికి. ఏ బ్లౌజ్ వేసుకోను?"

ముందు ఆ పచ్చ ఏదో తేల్చండి: చిలకపచ్చా, ముదురాకుపచ్చా? ట్యూబ్‌లైట్ కింద రంగు మారిపోతుంది, పగలు కిటికీ దగ్గర చూడండి. మడతను అటూ ఇటూ వంచండి. పసుపు మెరిస్తే పడుగు, పేక వేరే రంగులన్నమాట. ఆ రెండో రంగు తప్పక రాయండి, చాలామంది వదిలేసేది అదే. తర్వాత అంచు వెడల్పు, జరీ రంగు, బట్ట జారుతుందా బిగుసుగా నిలుస్తుందా అన్నవి.

ఇలా రాయండి: "గద్వాల పట్టు, చిలకపచ్చ, వంచితే పసుపు. ఆరంగుళాల మెరూన్ అంచు, బంగారు జరీ. మోచేతి చేతులు కావాలి. కొంపల్లిలో పగటి పెళ్లి."

దీనికైతే సాదా మెరూన్ బ్లౌజే నా మాట. అంచు అంత వెడల్పుంది కాబట్టి బ్లౌజ్‌కి మగ్గం వర్క్ వద్దండీ, రెండూ పోటీ పడతాయి.