డ్రై షాంపూతో తలస్నానాన్ని ఎన్ని రోజులు వాయిదా వేయొచ్చు?

"చెన్నైలో ఉంటున్నాను. తలస్నానం ఆదివారమే కుదురుతోంది. మిగతా రోజులు డ్రై షాంపూ కొట్టుకుని ఆఫీసుకు వెళ్తున్నా. ఇలా రోజూ వాడొచ్చా?"

రోజూ వద్దండీ. రెండు తలస్నానాల మధ్య ఒకసారి, మహా అయితే రెండుసార్లు. ఆ తర్వాత తల మీద నీళ్లు పడాల్సిందే.

డ్రై షాంపూ స్ప్రే డబ్బాలో ముఖ్యంగా ఉండేవి సన్నటి పిండి, ఆల్కహాల్, వాటిని బయటికి తోసే గ్యాస్. కొట్టగానే గ్యాస్, ఆల్కహాల్ ఆవిరైపోతాయి. పిండి కుదుళ్ల దగ్గర నిలిచి జిడ్డును పీల్చుకుంటుంది, జంతికల కింద పరిచిన కాగితం నూనె పీల్చినట్టు. కాగితాన్నయితే తీసి పారేస్తాం. ఈ పిండి దువ్వినప్పుడు కొంత రాలుతుంది, మిగతాది మాడు మీదే ఉంటుంది. చెమట ఉప్పు, మృతచర్మం, దుమ్ము కూడా ఎక్కడివక్కడే.

నేను చెన్నై షోలింగనల్లూరులో ఉన్నప్పుడు ఒక మే నెలలో ఆదివారం తలస్నానం చేసి, మంగళవారం నుంచి శుక్రవారం దాకా వరుసగా నాలుగు రోజులు కొట్టుకున్నాను. శుక్రవారం సాయంత్రానికి మెడ వెనక ఒకటే దురద. గోటితో గీరితే తెల్లగా, కాస్త జిగటగా వచ్చింది. చుండ్రేమోనని టెన్షన్ పడ్డాను. డబ్బా మీద రైస్ స్టార్చ్ అని ఉంది కదా అని, ఆ తెల్లటిదాన్ని స్టీలు పళ్లెంలో పెట్టి, గాయాలకు రాసే అయోడిన్ మందును నీళ్లలో కలిపి ఒక చుక్క వేశాను. నల్లటి నీలం రంగుకు తిరిగింది. గంజిలో అయోడిన్ వేస్తే వచ్చే రంగే అది. అంటే నాలుగు రోజుల పిండి చెమటకు తడిసి ముద్దకట్టిందన్నమాట. ఉత్త చుండ్రు పొట్టుకైతే ఆ రంగు రాదు.

అలాగని చుండ్రు భయం లేదని కాదు. మలసీజియా అనే ఈస్ట్ అందరి మాడు మీదా ఉంటుంది, మన జిడ్డే దాని తిండి. పిండి ఆ జిడ్డును కనబడకుండా చేస్తుందే తప్ప బయటికి పంపదు.

ఇప్పుడు నేను ఆదివారం తలస్నానం చేస్తాను, మంగళవారం స్ప్రే, బుధవారం రాత్రి మళ్లీ తలస్నానం. పొద్దున తలస్నానానికి టైమ్ దొరకకపోతే రాత్రికి మార్చుకోండి, చెన్నైలో ఫ్యాన్ కింద జుట్టు ఆరిపోతుంది.

కొట్టేటప్పుడు డబ్బాను బాగా ఊపి, జుట్టు పాయలు తీసి, జానెడు దూరం నుంచి కుదుళ్ల మీదికి కొద్దిగా కొట్టండి. రెండు నిమిషాలు ఆగి, వేళ్లతో రుద్ది, పిండి రాలేదాకా దువ్వండి. చెమట పట్టి ఉంటే ముందు ఆరనివ్వాలి, లేకపోతే అక్కడికక్కడే ముద్ద కడుతుంది. కొబ్బరి నూనె పెట్టుకున్న తలకు ఇది పనిచేయదు, అంత నూనెను ఈ కాస్త పిండి పీల్చలేదు. గ్యాస్ మండే రకం కాబట్టి స్టవ్ దగ్గరా, దీపం దగ్గరా అస్సలు కొట్టొద్దు.

మాడు ఎర్రబడినా, కుదుళ్ల దగ్గర పొక్కులు లేచినా స్ప్రే పూర్తిగా ఆపేయండి. తలస్నానం చేశాక కూడా వారంలో తగ్గకపోతే చర్మ డాక్టరుకు చూపించండి.