రేడియేషన్‌కు ముందు రక్తం ఎక్కించడం వెనక ఉన్న ఆక్సిజన్ లెక్క

ప్రశ్న: అమ్మకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. హీమోగ్లోబిన్ 8.2 ఉంది, రక్తం ఎక్కించాకే రేడియేషన్ మొదలుపెడతామన్నారు. కిరణాలకూ రక్తానికీ సంబంధం ఏమిటి? ఆక్సిజన్ మాస్క్ పెడితే సరిపోదా?

జవాబు:

కణంలోకి దూరిన ఎక్స్‌రే ఎక్కువగా నీటి అణువులను చీలుస్తుంది. ఆ తునకలు వెళ్లి డీఎన్‌ఏను తాకుతాయి. అలా దెబ్బతిన్న చోటు ఒక్క క్షణం పాటు ఎటూ తేలని స్థితిలో ఉంటుంది. పక్కన ఆక్సిజన్ ఉంటే అది వెంటనే అక్కడ అతుక్కుని దెబ్బను శాశ్వతం చేసేస్తుంది. లేకపోతే గ్లూటాథయోన్ లాంటి గంధకపు పదార్థాలు ఒక హైడ్రోజన్‌ను ఇచ్చి డీఎన్‌ఏను మళ్లీ మామూలుగా చేస్తాయి. ఈ పోటీ అంతా మిల్లీసెకన్లలో ముగిసిపోతుంది. కాబట్టి కిరణం తగిలేటప్పటికే ఆక్సిజన్ అక్కడ ఉండాలి, ఆ తర్వాత అందితే లాభం లేదు. ఆక్సిజన్ అసలు లేని కణాన్ని అంతే మేరకు చంపాలంటే రెండున్నర నుంచి మూడు రెట్ల డోసు కావాలి.

పూర్తి ప్రభావానికి కావలసిన ఆక్సిజన్ చాలా కొద్దే. 20–30 మి.మీ. పాదరస పీడనం ఉంటే చాలు. 3 మి.మీ. దగ్గర కూడా సగం ప్రభావం దక్కుతుంది. ఆరోగ్యంగా ఉన్న కణజాలంలో చాలావరకు ఇది ముందే ఉంటుంది. అందుకే రక్తం ఎక్కిస్తే మంచి కణాలు ఎక్కువ కాలిపోతాయేమోనన్న భయం అక్కర్లేదు. కొరత ఉండేది గడ్డలోనే.

ఆ కొరతకు మూలం దూరం. 1955లో ఇంగ్లండ్‌లో థామ్లిన్సన్, గ్రే అనే పరిశోధకులు ఊపిరితిత్తి గడ్డల ముక్కలను సూక్ష్మదర్శినిలో కొలిచారు. 200 మైక్రాన్లకు, అంటే మిల్లీమీటరులో ఐదో వంతుకు, మించిన వ్యాసార్థం ఉన్న ప్రతి కణాల గుంపుకూ నడిమి భాగం చచ్చిపోయి ఉంది, 160 లోపు ఉన్నవాటిలో అలా లేదు. గుంపు ఎంత లావుగా ఉన్నా బతికున్న అంచు మందం 180 దాటలేదు. రక్తనాళం నుంచి బయల్దేరిన ఆక్సిజన్‌ను దారిలోని కణాలే వాడేసుకుంటాయి. మనకు ఇబ్బంది పెట్టేవి చచ్చిన భాగానికీ, బతికున్న అంచుకూ సరిహద్దులో కొన ఊపిరితో ఉన్న కణాలు.

వాటి వల్ల ఎంత తేడా వస్తుందో మోటుగా లెక్కేద్దాం. గడ్డలో 100 కోట్ల కణాలున్నాయి, గ్రే అనే కొలతలో రోజుకు 2 గ్రే డోసు చొప్పున 30 సిట్టింగులు, ఒక్కో సిట్టింగుకు సగం చస్తాయి అనుకోండి. చివరికి మిగిలేది సుమారు ఒక కణం. ఇప్పుడు వాటిలో నూటికి ఒకటి, అంటే కోటి కణాలు, ఆక్సిజన్ అందనివి అనుకుందాం. వాటికి డోసు మూడో వంతే పనిచేస్తుంది, 30 సిట్టింగులు 10 సిట్టింగులతో సమానం. కోటి పదిసార్లు సగమైతే దాదాపు 10,000 కణాలు మిగులుతాయి. గడ్డ తిరిగి రావడానికి అవి చాలు.

అయినా ఎందరికో నయమవుతోందంటే, ఈ లెక్కలో నేను వదిలేసిన సంగతి ఒకటుంది. నాళానికి దగ్గరున్న కణాలు చచ్చేకొద్దీ ఆక్సిజన్‌ను వాడుకునేవి తగ్గి, అది లోపలిదాకా చేరుతుంది. మూసుకున్న నాళాలు కొన్ని తెరుచుకుంటాయి. నిన్న తట్టుకున్న కణం రేపటి సిట్టింగుకు లొంగుతుంది. మొత్తం డోసును రోజుల మీద పంచడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. అలాగని తేదీలను సాగదీయకూడదు, ఎందుకంటే ఖాళీ రోజుల్లో మిగిలిన కణాలు పెరుగుతాయి. ఈ క్యాన్సర్‌లో బయటి రేడియేషన్, లోపలి బ్రాకీథెరపీ కలిపి 8 వారాల్లో పూర్తి కావాలి.

ఇక మాస్క్ సంగతి. ఒక గ్రాము హీమోగ్లోబిన్ సుమారు 1.34 మి.లీ. ఆక్సిజన్ మోస్తుంది. అమ్మగారి 8.2 గ్రాములతో 100 మి.లీ. రక్తంలో 11 మి.లీ. ఆక్సిజన్ ఉంటుంది. ఊపిరితిత్తులు బాగుంటే ఆ హీమోగ్లోబిన్ మామూలు గాలితోనే దాదాపు నిండిపోతుంది. కాబట్టి మాస్క్ పెంచేది రక్తద్రవంలో కరిగే వాయువునే, మహా అయితే ఒకటిన్నర మి.లీ. పైగా శుద్ధ ఆక్సిజన్‌కు నాళాలు కొంత కుంచించుకుంటాయి కూడా. రెండు యూనిట్ల రక్తం హీమోగ్లోబిన్‌ను 10 దాటిస్తే ఆక్సిజన్ దాదాపు 13.7 మి.లీ.కు చేరుతుంది, ప్రతి సిట్టింగుకూ మాస్క్ ఏర్పాటు అక్కర్లేకుండా చాలా రోజులు నిలుస్తుంది.

రక్తం ఎక్కిస్తే గడ్డలోని వంకర నాళాలు మారిపోవు, దూరమూ తగ్గదు. ఉన్న దారిలో సరుకు పెరుగుతుంది, అంతే. అందుకే హీమోగ్లోబిన్ 14, 15కి చేరేదాకా ఎక్కించమని అడగవద్దు. రక్తం పెంచే ఎరిత్రోపోయెటిన్ ఇంజెక్షన్ ఇంతకన్నా సులువు కదా అనిపించవచ్చు. కానీ 2003లో వెలువడిన తల, మెడ క్యాన్సర్ పరీక్షలో ఆ మందు తీసుకున్నవారికి హీమోగ్లోబిన్ పెరిగినా, గడ్డ అదుపు తగ్గింది. డాక్టర్ చెప్పకుండా దాని జోలికి వెళ్లకండి.

చుట్టో బీడీయో కాల్చే అలవాటుంటే ఈ రోజుల్లో పూర్తిగా ఆపించండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ హీమోగ్లోబిన్‌ను పట్టుకుని ఆక్సిజన్‌కు చోటు లేకుండా చేస్తుంది, రిపోర్టులో సంఖ్య మాత్రం మారదు. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఇస్తున్నా, రక్తస్రావం అవుతున్నా హీమోగ్లోబిన్ మళ్లీ జారుతుంది, కాబట్టి వారానికోసారి పరీక్ష చేయించి ఆ కాగితం సిట్టింగుకు వెళ్లేటప్పుడు వెంట పెట్టుకోండి.