మందుల పట్టికలో ‘ఉదయం’ అని రాయకండి, ఏం తిన్నాక వేసుకోవాలో రాయండి

ప్రశ్న: మా అమ్మమ్మకి 78 ఏళ్ళు, శ్రీకాకుళం దగ్గర పల్లెటూళ్ళో పిన్ని చూసుకుంటోంది. రోజుకి ఆరేడు మాత్రలు. ఏది ఎంత, తిండికి ముందా తర్వాతా, ఇంకా ఎన్ని ఉన్నాయి అనేది ఒకే కాగితం మీద కనబడేలా పట్టిక ఎలా రాయాలి? ఇప్పుడు రాసింది ఎవరికీ అర్థం కావట్లేదు.

జవాబు:

మా నాన్నకి 76. అమ్మా ఆయనా బొబ్బిలి దగ్గర ఊళ్ళో ఉంటారు, నేను విశాఖలో ఉద్యోగం. మూడేళ్ళ కింద నేను రాసిచ్చిన మొదటి పట్టికలో ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అని మూడు గడులు గీసి, ఉదయం గడిలో నాలుగు మందుల పేర్లు వరసగా రాశాను. చీటీ మీద డాక్టరు రాసింది కూడా అలాగే కనబడింది కాబట్టి అందులో తప్పుందని నాకు తట్టలేదు.

ఒకరోజు ఎనిమిదిన్నరకి అమ్మ ఫోన్ చేసి నాన్నకి చెమటలు కారిపోతున్నాయి, చేతులు వణుకుతున్నాయి అంది. ఇంట్లో షుగర్ చూసే మిషను ఉంది కాబట్టి వెంటనే చూడమన్నాను, 58 వచ్చింది. 70 కంటే తగ్గితేనే లో షుగర్ అంటారు. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్ళీ చూస్తే 84కి వచ్చింది, అప్పుడు అన్నం పెట్టింది. ఏమయిందమ్మా అంటే, “ఉదయం బిళ్ళలు అన్నావు కదా, లెగిసిన వెంటనే నాలుగూ ఇచ్చీసేను” అంది. నాన్న అవి మింగి పొలానికి వెళ్ళిపోయారు. తిరిగొచ్చి అంబలి తాగేసరికి ఎనిమిది దాటుతుంది. ఆ నాలుగింటిలో గ్లిమెపిరైడ్ ఒకటి. అది షుగర్‌ని దించే మందు, కడుపులో తిండి పడినా పడకపోయినా దాని పని అది చేసుకుపోతుంది. అమ్మ తప్పేమీ లేదు, నేను రాసిన మాటే ఆవిడ చేసింది.

అందుకని మీరు మొదట చెయ్యాల్సింది మందుల పేర్లు రాయడం కాదు. మీ అమ్మమ్మ ఒక రోజంతా నిజంగా ఏ వేళకి ఏం తింటున్నారో పిన్నిని అడిగి రాసుకోండి. చీటీలో ‘టిఫిన్‌కి ముందు’ అని ఉంటుంది, మన ఊళ్ళలో ఆ వయసువాళ్ళు చాలామందికి టిఫిన్ అనేదే ఉండదు, పొద్దున చోడంబలో చద్దన్నమో, పదిన్నరకి అన్నం, మళ్ళీ చీకటి పడగానే అన్నం. మా డాక్టరుగారికి ఈ సంగతి చెప్తే, నాన్న రెండు లోటాల అంబలి తాగుతారు కాబట్టి దాన్నే మొదటి భోజనం కింద లెక్క వేసుకోమన్నారు. ఇది మీ డాక్టరు దగ్గర మీరు విడిగా అడగాల్సిన మాట, ఒక గ్లాసు పల్చటి అంబలికి ఆయన ఇంకోలా చెప్పొచ్చు.

తర్వాత పట్టికని ఇలా మార్చాను. ఇవి మా నాన్న మందులు, చూడ్డానికి మాత్రమే పెడుతున్నాను.

| ఎప్పుడు | మందు | ఎన్ని | 1వ తేదీ రాత్రి ఉన్నవి | ఇన్నికి వస్తే కొనాలి |
|---|---|---|---|---|
| లేవగానే, ఉత్త నీళ్ళతో | లెవోథైరాక్సిన్ 50 మైక్రోగ్రాములు | 1 | 61 | 7 |
| అంబలి లోటా ముందు పెట్టాక | గ్లిమెపిరైడ్ 1 మి.గ్రా. | 1 | 22 | 7 |
| అంబలి తాగాక | మెట్‌ఫార్మిన్ 500 మి.గ్రా. | 1 | 44 | 14 |
| అంబలి తాగాక | టెల్మిసార్టన్ 40 మి.గ్రా. | 1 | 25 | 7 |
| మధ్యాహ్నం అన్నం తిన్నాక | కాల్షియం 500 మి.గ్రా. | 1 | 19 | 7 |
| రాత్రి అన్నం తిన్నాక | మెట్‌ఫార్మిన్ 500 మి.గ్రా. | 1 | పైన రాసిందే | |
| రాత్రి అన్నం తిన్నాక | అటోర్వాస్టాటిన్ 10 మి.గ్రా. | 1 | 25 | 7 |

‘లోటా ముందు పెట్టాక’ అని రాసిన దగ్గర నుంచి గ్లిమెపిరైడ్ గొడవ పోయింది, ఎందుకంటే తిండి కళ్ళముందు లేకపోతే మాత్ర బయటికి రాదు. ఒంట్లో బాగోక తిండి మానేసిన రోజు ఈ మాత్ర కూడా మానెయ్యమని మా డాక్టరు చెప్పారు, అది కాగితం అడుగున ఎర్ర ఇంకుతో రాశాను. మీ వాళ్ళకి షుగర్ మాత్రలుంటే తినని రోజు ఏం చెయ్యాలో ముందే అడిగి పెట్టుకోండి, ఆ రోజు వచ్చాక ఫోన్లు చేసుకుంటూ టెన్షన్ పడడం కంటే అది నయం. లెవోథైరాక్సిన్ అనే థైరాయిడ్ మాత్రకి కనీసం అరగంట, కుదిరితే గంటసేపు నీళ్ళు తప్ప ఇంకేమీ తగలకూడదు, టీ కూడా. కాల్షియం దానికి నాలుగు గంటలైనా దూరంగా ఉండాలి, లేకపోతే కాల్షియం ఆ మందుని పట్టేసి ఒంటికి పట్టనివ్వదు. అందుకే దాన్ని మధ్యాహ్నానికి జరిపాం.

ఇప్పుడు మిగిలిన మాత్రల లెక్క. చాలామంది దీన్ని మందులు అయిపోకుండా చూసుకోడానికే అనుకుంటారు. అంతకంటే పెద్ద ఉపయోగం ఇంకోటి ఉంది, మందులు నిజంగా వేసుకుంటున్నారో లేదో దూరంగా ఉన్న మనకి చెప్పేది ఇదొక్కటే. వేసుకున్నారా అని ఫోన్‌లో అడిగితే వేసుకున్నాననే అంటారు, అబద్ధమాడాలని కాదు, నిన్నటిదీ మొన్నటిదీ కలిసిపోతాయి.

మేం వారానికోసారి రాత్రి మాత్రలు వేసుకున్నాక లెక్కపెడతాం. ఒకసారి జరిగింది చెప్తాను. 1వ తేదీ రాత్రి మెట్‌ఫార్మిన్ 44 ఉన్నాయి, రోజుకి రెండు, 8వ తేదీ రాత్రికి ఏడు రోజులు, అంటే 14 పోయి 30 ఉండాలి. అమ్మ లెక్కపెడితే 32. అటోర్వాస్టాటిన్ 25లో 7 పోయి 18 ఉండాలి, 20 ఉన్నాయి. టెల్మిసార్టన్ మాత్రం సరిగ్గా 18, గ్లిమెపిరైడ్ సరిగ్గా 15. అంటే పొద్దుటివన్నీ సరిపోయాయి, రాత్రివి రెండూ రెండేసి ఎక్కువున్నాయి. రెండు రాత్రులు మందులు పడలేదని అడక్కుండానే తెలిసిపోయింది. “పక్కూళ్ళో పెళ్ళి కదా, రెండు రాత్రులూ అక్కడే తినీసి వచ్చి పడుకుండిపోయేము” అంది అమ్మ. మానేసినవి కలిపి మర్నాడు రెండేసి వెయ్యొద్దని చెప్పి, మాత్రలు పెట్టుకోడానికి చిన్న డబ్బీ ఒకటి పంపాను. ఒక్క మందే తేడాగా ఉంటే అది దొర్లి మంచం కిందకి పోయి ఉండొచ్చు, ఒకే వేళ మందులన్నీ ఒకే లెక్కన తేడాగా ఉంటే ఆ వేళే తప్పిందన్నమాట.

లెక్క తక్కువొస్తే ఇంకా గట్టిగా పట్టించుకోండి, ముఖ్యంగా షుగర్, బీపీ మాత్రల్లో. ఒకసారి గ్లిమెపిరైడ్ ఒకటి తక్కువొచ్చింది. నాన్న తనే తీసుకుని వేసుకున్నారు, అది తెలియక అమ్మ మళ్ళీ ఇచ్చింది. అప్పట్నుంచి మాత్రలు తీసే చెయ్యి ఒకటే, అమ్మది.

నేను ఫోన్‌లో ఒక షీట్ కూడా పెట్టుకున్నాను. C గడిలో రోజుకి ఎన్ని, D లో లెక్కపెట్టిన సంఖ్య, E లో లెక్కపెట్టిన తేదీ. మొదటి మందు 2వ వరసలో ఉంటే F2 లో ఇది రాసి, కింది వరసలకి కాపీ చేస్తే చాలు:

```
=D2-C2*(TODAY()-E2)
```

సగం మాత్ర అయితే C లో 0.5 రాయండి. లెక్కపెట్టింది రాత్రి కాబట్టి ఇది చూపించేది ఈ రాత్రికి ఎన్ని మిగలాలో, పొద్దున చూసి తేడా వచ్చిందని కంగారు పడకండి. ఇది ఉండాల్సిన లెక్కే గానీ ఉన్న లెక్క కాదు, అందుకే వారం వారం అమ్మ చెప్పిన సంఖ్యతో D, E మార్చేస్తాను. మెట్‌ఫార్మిన్ షీట్‌లో ఒకే వరసలో, C లో 2 అని ఉండాలి, కాగితం మీద లాగా రెండు వరసలు చేస్తే లెక్క తప్పుతుంది. వారానికొకటి వేసుకునే విటమిన్ డి 60,000 యూనిట్లది లాంటిది ఉంటే ఈ పట్టికలో అసలు పెట్టకండి, రోజూ ఇచ్చేసే ప్రమాదం ఉంది. గోడమీద క్యాలెండర్‌లో ఆ ఆదివారాలకి సున్నా చుట్టండి, వేశాక కొట్టెయ్యమనండి.

‘ఇన్నికి వస్తే కొనాలి’ అనేది వారానికి సరిపడా సంఖ్య. రోజుకి ఒకటైతే 7, రెండైతే 14. అన్నిటికీ పది అని ఒకే అంకె పెట్టుకుంటే మెట్‌ఫార్మిన్ అయిదు రోజుల్లో అయిపోతుంది, ఈలోపు బొబ్బిలి వెళ్ళే మనిషి దొరక్కపోతే అంతే.

మా అమ్మకి తెలుగు వచ్చు, ఇంగ్లీషు అక్షరాలు రావు. అందుకని పట్టిక మీద ప్రతి మందు పక్కన ఖాళీ అయిన స్ట్రిప్పులోంచి పేరున్న ముక్క కత్తిరించి గమ్ముతో అతికించాను. చేతిలో ఉన్నదాన్ని దానికి ఆనించి, రంగూ అక్షరాలూ కలిస్తేనే ఇస్తుంది. గడువు తేదీ స్ట్రిప్పుకి ఒక చివర ఉంటుంది కదా, మాత్రలు రెండో చివర నుంచి తియ్యమని నేర్పాను. కానీ దీంతో ఒక ఇబ్బంది వచ్చింది. మందుల షాపులో ఒకసారి బీపీ మాత్ర టెల్మిసార్టన్ ఇంకో కంపెనీది ఇచ్చారు, రంగు వేరు, పేరు వేరు. పాత స్ట్రిప్పు ఇంకా ఉంది, ఇదేదో కొత్త మందనుకుని అమ్మ రెండు రోజులు రెండూ ఇచ్చింది. నాన్నకి లేచి నిలబడితే కళ్ళు తిరిగాయి. స్ట్రిప్పు మీద రెండు పేర్లుంటాయి, ఒకటి కంపెనీ పెట్టుకున్నది, ఇంకోటి అసలు మందు పేరు, పట్టికలో రాయాల్సింది ఆ అసలు పేరే. ఇప్పుడు కొత్తవి రాగానే కవర్లోంచి తీసి నాకు ఫోటో పెడుతుంది, నేను చూసి చెప్పేదాకా డబ్బాలో వెయ్యదు. పాతవి అయ్యాకే కొత్త ముక్క అతికిస్తుంది.

డాక్టరు డోసు మార్చినప్పుడు పాత అంకె కొట్టేసి పక్కన రాయొద్దు, రెండు అంకెలుంటే ఎప్పుడో ఒకప్పుడు పాతదే కంటబడుతుంది. పైన తేదీ వేసి కొత్త కాగితం రాసి, పాతది అక్కడే చింపేయించండి.