ఇద్దరినీ కలిపే ముందు విడివిడిగా అడుగు

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

కోల్డ్ స్టోరేజీ గదుల్లో వేడినీ తేమనూ నమోదు చేసే పరికరాన్ని నీ స్నేహితురాలు తయారుచేసిందని, పాత ఉద్యోగంలో నీకు పరిచయమైన గుంటూరు కోల్డ్ స్టోరేజీ యజమానికి ఆమెను ఈమెయిల్ ద్వారా పరిచయం చేయబోతున్నావని నిన్న రాత్రి మీ నాన్న ఫోనులో చెప్పాడు. నీ మాటకు విలువనిచ్చి ఇద్దరు మనుషులు ఒకచోట చేరే స్థాయికి నువ్వు వచ్చావని విన్నప్పుడు నా మనసు నిండిపోయింది. అయితే ఇద్దరి పేర్లూ పెట్టి ఒకే ఉత్తరం ఈ వారంలోనే పంపేస్తానన్నావని కూడా చెప్పడంతో నాకు రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. దయచేసి ఆ ఉత్తరాన్ని ఆపు.

పేర్లు తప్పు లేకుండా రాయాలని, విషయం గడిలో ఇద్దరి పేర్లూ పని ఏమిటన్నదీ ఉండాలని నీకు నేను చెప్పనక్కరలేదు. నేను చెప్పవలసింది నా చేతుల మీదుగా జరిగిన ఒక పొరపాటు.

నేను బాలానగర్‌లో కొనుగోళ్ల విభాగం చూసే రోజుల్లో ఒక కుర్రవాడు చిన్న ఫౌండ్రీ పెట్టుకున్నాడు. పోత పనిలో మంచి చేయి ఉన్నవాడు. నా దగ్గర శిక్షణ పొంది మరో కంపెనీలో కొనుగోళ్ల మేనేజరు అయిన ఒకాయనకు అతణ్ణి పరిచయం చేద్దామనుకుని, ఇద్దరికీ కలిపి నాలుగు వాక్యాల ఈమెయిల్ రాశాను. "మీరిద్దరూ ఒకరికొకరు ఉపయోగపడతారు, మాట్లాడుకోండి" అన్నాను. ఎవరినీ ముందుగా అడగలేదు. నేను చెబితే ఆయన కాదనడని నాకు తెలుసు, ఆ ధీమాతోనే రాశాను. అసలు తప్పు అక్కడే ఉంది.

ఆ మేనేజరు పావుగంటలో జవాబిచ్చాడు. "తప్పకుండా సార్, ముందు ఒక నమూనా పంపమనండి" అన్నాడు. కుర్రవాడు దాన్ని ఆర్డరుకు తొలిమెట్టు అనుకున్నాడు. బేరింగు హౌసింగు కోసం చెక్క ప్యాటర్న్ చేయించి, రెండుసార్లు పోత పోసి, మంచిగా వచ్చినదాన్ని మెషీన్ చేయించి పంపాడు. దానికి నలభై వేలకు పైగా అప్పు చేశాడని నాకు తర్వాత తెలిసింది. మూడు నెలలు గడిచినా జవాబు రాలేదు. ఫోను చేస్తే మేనేజరు మీటింగులో ఉన్నాననేవాడు. కుర్రవాడు నన్ను అడగడానికి సిగ్గుపడ్డాడు, మేనేజరు నాకు కనిపించకుండా తప్పుకున్నాడు. ఏడాది తర్వాత ఒక పెళ్లిలో ఆ మేనేజరు నన్ను పక్కకు తీసుకువెళ్లి, తల వంచుకుని, "సార్, ఆ సంవత్సరం కొత్త సరఫరాదారులను తీసుకోవద్దని మాకు పైనుంచి ఆదేశం ఉంది. మీరు నన్ను ఒక్కణ్ణే అడిగి ఉంటే ఆ మాట చెప్పేవాణ్ణి. అతని ఎదుట మీ మాట ఎలా తీసేయగలను?" అన్నాడు. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు, కాదనడానికి నేను దారి ఉంచలేదు. మన వాళ్లలో మొహమాటం ఎంతటిదో తెలిసి కూడా, దాని మీదే భారం వేసి ఉత్తరం రాశాను. కుర్రవాడి అప్పులో సగం నేను కట్టాను కానీ, అతను మళ్లీ మునుపటిలా మా ఇంటికి రాలేదు.

అందుకని నువ్వు మొదట రాయవలసినది ఆ యజమానికి ఒక్కరికే. అడిగేది నీ స్నేహితురాలు, సమయం ఇవ్వవలసింది ఆయన. కాబట్టి ఆయన సమ్మతి ముందు రావాలి. ఆయన పేరు అప్పటిదాకా ఆమెకు చెప్పకు. ఆమెకు పేరు తెలియకపోతే ఆయన కాదన్నా ఆమె ముందు చెడ్డవాడు కాడు. ఆమెను మాత్రం అయిదారు వాక్యాల్లో తన పని గురించి రాసి ఇవ్వమను: పరికరం ఏం చేస్తుంది, ఇప్పటిదాకా ఎక్కడ వాడి చూసింది, ఆయన నుంచి కోరేది ఏమిటి. దాన్ని యథాతథంగా నీ ఉత్తరం కింద పెట్టు. నీకూ ఆమెకూ మధ్య నడిచిన పాత సంభాషణ మాత్రం కిందికి జారిపోకుండా కొత్త ఉత్తరం మొదలుపెట్టు. నీ మాటలు ఇంచుమించు ఇలా ఉంటే చాలు:

"నమస్కారం అండీ. గదుల్లో మూలమూలకూ వేడిలో, తేమలో తేడా ఉంటే తెలిపే పరికరాన్ని నా కాలేజీ స్నేహితురాలు ఒకరు తయారుచేశారు. ఒక గదిలో, ఒక నెల ప్రయోగంగా పెట్టి చూడడానికి అవకాశం అడుగుతున్నారు. తేమ చేరి మిర్చి టిక్కీలు పాడైనప్పుడు ఏ మూలలో మొదలైందో తెలియడం లేదని మీరు ఒకసారి అన్నందువల్ల మీకు రాస్తున్నాను. ఆమె మనిషిగా నాకు బాగా తెలుసు, పరికరం పనితీరును మాత్రం నేను స్వయంగా చూడలేదు. మీ పేరు ఆమెకు చెప్పలేదు. వీలుకాకపోతే జవాబు ఇవ్వనక్కరలేదు, నేను మళ్లీ గుర్తుచేయను."

చివరి రెండు వాక్యాలను ఎట్టి పరిస్థితిలోనూ తీసేయకు. "ఆలోచించి చెప్పండి" అని ముగిస్తే మర్యాదగానే కనిపిస్తుంది, కానీ జవాబు బాకీ ఆయన నెత్తిన పడుతుంది. మౌనమే కాదనడంగా చెల్లుతుందని నువ్వు ముందే రాస్తే ఆ బాకీ ఉండదు. అలా రాశాక పది రోజులు పోయినా జవాబు రాకపోతే నిజంగానే ఊరుకోవాలి. ఆమెకు "నాకు తెలిసిన చోట ఇప్పుడు కుదరలేదు" అని మాత్రం చెప్పు.

ఆయనకు కలిగే మేలును ఆయన బాధ నుంచే చెప్పాలి గానీ, ఆమె పరికరం గొప్పతనం నుంచి కాదు. అటువంటి ఒక్క వాక్యం నీకు దొరకకపోతే అది పరస్పర లాభం కాదు, సాయం అడగడం. సాయమే అయితే సాయమని రాయి, తప్పులేదు. కాలం కూడా చూసుకో తల్లీ. మార్చి, ఏప్రిల్‌లలో మార్కెట్ యార్డును మిర్చి ముంచెత్తి గదులు నిండుతున్నప్పుడు ఆయనకు అన్నం తినే తీరిక ఉండదు. అప్పుడు రాస్తే విసుగే జవాబుగా వస్తుంది.

ఆయన సరేనన్నా వెంటనే కలపకు. ఆయన షరతులు ఆమెకు చెప్పు. ఒక గది కాదు, అన్ని గదుల్లోనూ సీజనంతా ఉచితంగా పెట్టమని ఆయన అనవచ్చు, ఆమెకు అంత స్తోమత లేకపోవచ్చు. ఆమెకు కూడా నీ మీది గౌరవంతో తల ఊపవలసిన పరిస్థితి రాకూడదు. ఆమె వద్దంటే నువ్వే ఆయనకు ధన్యవాదాలు చెప్పి ముగించు.

ఇద్దరూ ఒప్పుకున్నాక కలిపే ఉత్తరం చాలా చిన్నది: ఒక్కొక్కరి గురించి రెండేసి వాక్యాలు, ఏం అనుకున్నారో ఒక వాక్యం, తర్వాత ఎవరు రాయాలో ఒక వాక్యం. "ఆమె సోమవారంలోగా మీకు రాస్తారు" అని స్పష్టంగా పెట్టు, లేకపోతే ఇద్దరూ అవతలివారి కోసం ఎదురుచూస్తారు. ఫోను నంబర్లు వాళ్లే ఇచ్చుకుంటారు. ఆమె మొదటి జవాబులో తర్వాతి ఉత్తరాలు నీకు రాకుండా నిన్ను బీసీసీలోకి మార్చి కృతజ్ఞత చెబితే, అక్కడితో నీ పని అయిపోయినట్టు. ధరల మాటలు నీ కళ్ల ముందు జరగడం వాళ్లిద్దరికీ ఇబ్బంది.

యజమానికి రాసే మొదటి ఉత్తరం చిత్తుప్రతి ఆదివారంలోగా నాకు పంపు. కోప్పడుతున్నానని అనుకోకు. నీ ఉత్తరం చదవాలని నాకు ఆశగా ఉంది. పెద్దమ్మ నీకు ఆవకాయ జాడీ సిద్ధం చేసింది, ఈసారి వచ్చినప్పుడు మరిచిపోకుండా తీసుకువెళ్లు.

ఇట్లు,
మీ పెదనాన్న