ఎల్లిపాయ పోపు పడడం లేదు, మా ఆయన దగ్గరికొస్తే వాంతి

"మేడం, మాది హన్మకొండ. పెండ్లయి ఏడాదిన్నర. ఇప్పుడు నాకు తొమ్మిదో వారం. అత్తమ్మ, మామయ్యతో కలిసి రెండు గదుల ఇంట్ల ఉంటం. ఎల్లిపాయ పోపు పెడితే చాలు, కక్కేస్తున్న. అన్నం ఉడికే వాసన కూడ పడుతలేదు. మా ఆయన ఎనుమాముల మార్కెట్ల మిర్చి కమీషన్ దుకాణంల గుమాస్తా. సాయంత్రం ఆయన ఇంట్ల అడుగు పెట్టంగనే ముక్కు మూసుకొని బయటికి పోతున్న. ఆయన చిన్నబుచ్చుకుంటున్నడు. అత్తమ్మేమో 'మేం ముగ్గుర్ని కన్నం, ఇట్ల ఎన్నడు చెయ్యలె' అంటది. నేనే కావాలని చేస్తున్ననా అని నాకే అనుమానమొస్తుంది. పుట్టింటికి పోతే నయమా?"

కావాలని ఎవరూ వాంతి చేసుకోలేరమ్మా. ముందు మీ అత్తమ్మ మాటకు జవాబు చెప్తాను, ఎందుకంటే మీ అనుమానం అక్కడి నుంచే పుట్టింది.

కడుపులో బిడ్డతో పాటు పెరిగే మావి, జీడీఎఫ్15 అనే ఒక హార్మోన్‌ను తల్లి రక్తంలోకి వదులుతుంది. అది మెదడు కింది భాగంలో వాంతిని పుట్టించే చోటును తాకుతుంది. గర్భానికి ముందు ఎవరి రక్తంలో ఈ హార్మోన్ తక్కువగా ఉంటుందో, వాళ్లకు అది ఒక్కసారిగా పెరిగినప్పుడు వేవిళ్లు ఎక్కువగా వస్తాయని 2023 చివర్లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది. ముందు నుంచే ఎక్కువ ఉన్నవాళ్ల ఒంటికి అది అలవాటై ఉంటుంది. మీ అత్తమ్మ ముగ్గుర్ని కని కూడా కక్కలేదంటే అబద్ధం కాకపోవచ్చు. అది ఆమె ఓర్పుకూ, మీ గారాబానికీ సంబంధించిన విషయం మాత్రం కాదు.

ఇక ముక్కు సంగతి. కడుపుతో ఉన్నవాళ్లు "నా ముక్కు కుక్క ముక్కయింది" అంటుంటారు. పరీక్ష చేసి చూస్తే చాలామందిలో ముక్కు కొత్తగా సన్నటి వాసనలు పట్టుకోవడం పెద్దగా కనిపించదు. మారేది ఆ వాసనను మెదడు తీసుకునే తీరు. నిన్నటిదాకా నోరూరించిన ఎల్లిపాయ వాసన ఇవాళ పాడైన తిండి వాసనలా తగులుతుంది. ఈ తేడా తెలిస్తే ఒక లాభం ఉంది. ఇంట్లో ప్రతి వాసననూ తరిమేయనక్కర్లేదు. కడుపును కాస్త నిలబెట్టి, బాగా ఇబ్బంది పెట్టే రెండు మూడు వాసనలను మీ దారిలోంచి తప్పిస్తే చాలు.

మీ ఇంట్లో అన్నిటికంటే ముందు తప్పించాల్సింది మిర్చి. ఎండుమిర్చి ఘాటు ఉత్త వాసన కాదు. కళ్లు, గొంతు, ముక్కు లోపలి పొర మండేలా చేసే పదార్థం అందులో ఉంది. ఆ మంటను మెదడుకు చేరవేసే నరం వాసన నరం కాదు, వేరే. అందుకే మీరు ముక్కు మూసుకున్నా పూర్తిగా ఆగదు. సీజన్‌లో బస్తాల మధ్య రోజంతా తిరిగిన మనిషి చొక్కాలో, తలవెంట్రుకల్లో, చెవుల వెనక ఆ దుమ్ము పట్టి ఉంటుంది. ఉత్త నీళ్లకు అది సరిగా వదలదు, సబ్బు కావాలి. కాబట్టి ఆయన ఇంటికి రాగానే నేరుగా స్నానాల గదికి పోవాలి. లుంగీ, బనీను అక్కడే సిద్ధంగా ఉండాలి. విప్పిన బట్టలు దులపకుండా, సర్ఫు నీళ్లున్న బకెట్లో ముంచి మూత పెట్టాలి. తలకు కూడా సబ్బు పెట్టుకోవాలి. ఆ బట్టలు మీరు ఉతకొద్దు. తలగడ గలీబు రెండు రోజులకోసారి మార్చండి, లేకపోతే రాత్రి పక్కమీద మళ్లీ అదే ఘాటు. స్నానం తర్వాత ఆయన సెంటు, పౌడరు కొట్టుకుంటే కథ మళ్లీ మొదటికొస్తుంది, ఆ మాట కూడా ముందే చెప్పండి.

ఆయనతో మాట్లాడేది మాత్రం ఆయన గడపలో నిలబడినప్పుడు కాదు. మధ్యాహ్నం ఫోన్లో చెప్పండి: "నువ్వంటే పడకపోవడం కాదు, నీ మీదున్న మిర్చి పడుతలేదు. తానం చేసినంక నా పక్కన కూసో." ఈ రెండో వాక్యం మరిచిపోవద్దు. ముక్కు మూసుకొని పోయే మనిషిని రోజూ చూస్తున్న ఆయనకు, ఎప్పుడు దగ్గరికి రావచ్చో కూడా తెలియాలి కదా.

వంటింటి విషయానికొస్తే, చాలామంది చేసే తప్పు పోపు వాసన మీద అగరుబత్తి వెలిగించడం, రూం ఫ్రెషనర్ కొట్టడం. ఒక వాసన ఉన్నచోట రెండవుతాయి. వాసనను కప్పొద్దు, బయటికి పంపాలి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే పోపు పెట్టడానికి ఐదు నిమిషాల ముందే వేసి, అయిపోయాక ఇంకో పావుగంట తిరగనివ్వండి. లేకపోతే వంటగది కిటికీ దగ్గర టేబుల్ ఫ్యాన్‌ను బయటివైపు తిప్పి పెట్టండి. అయితే గాలి బయటికి పోవాలంటే ఇంకో వైపు నుంచి లోపలికి రావాలి. అందుకని మీ గది కిటికీ తెరిచి ఉంచండి. అప్పుడు గాలి మీ గది నుంచి వంటగదికి నడుస్తుంది. సరిగా నడుస్తోందో లేదో తెలుసుకోవాలంటే వంటగది గుమ్మానికి ఒక దారప్పోగు వేలాడదీయండి. అది వంటగది వైపు వంగితే సరే, మీ వైపు వంగితే ఫ్యాన్ చోటు మార్చాలి. పోపు పెట్టే ఆ పది నిమిషాలు సీలింగ్ ఫ్యాన్ ఆపేయండి. అది వాసనను బయటికి పంపదు, రెండు గదులకూ సమంగా పంచుతుంది. బీరువాలో కలరా ఉండలు ఉంటే తీసేయండి, కడుపుతో ఉన్నప్పుడు అవి ఎలాగూ మంచివి కావు.

ఒక్క వాసనను మాత్రం "నా ముక్కే అంత" అని కొట్టిపారేయొద్దు. గ్యాస్ వాసనొస్తోందని మీకనిపిస్తే రెగ్యులేటర్ ఆపించి, పైపు చూపించండి. వేవిళ్లలో ఉన్న ఆడమనిషి చెప్పిందని ఇంట్లోవాళ్లు నవ్వేసిన లీకులు ఉంటాయి.

ఇప్పుడు కడుపు. ఖాళీ కడుపుకు ఏ వాసనైనా రెండింతలు తగులుతుంది. కాజీపేట నుంచి నా దగ్గరికొచ్చిన ఒకమ్మాయి పాల వాసన పడడం లేదని ఇంట్లో పాలే మాన్పించింది, అయినా వాంతులు ఆగలేదు. వారం రోజులు ఒక కాగితం మీద రాయమన్నాను: ఏ వాసన, ఎన్ని గంటలకు, అంతకుముందు ఎప్పుడు తిన్నది. ఏడు రోజుల కాగితంలో ఆరు రోజులు పొద్దున ఆరున్నర, రాత్రి తొమ్మిది తర్వాత ఏమీ తినలేదు. పాలు కాచే వేళకు తొమ్మిదిన్నర గంటల ఖాళీ కడుపన్నమాట. మంచం దిగకముందే గుప్పెడు మరమరాలు నమిలి, పావుగంట పడుకొని లేవమన్నాను. పాల వాసన అప్పటికీ నచ్చలేదామెకు. కానీ వాంతి వారానికి రెండుసార్లకు దిగింది. మీరు కూడా ఆ కాగితం రాయండి. రెండు గంటలకోసారి కొంచెం కొంచెం తినండి, నీళ్లు తిండితో కాకుండా మధ్యలో గుక్క గుక్కగా తాగండి.

తిండి వేడిగా ఉంటే ఆవిరితో పాటు వాసన లేస్తుంది, చల్లారితే తగ్గుతుంది. అన్నం మీరు డాబా మీదున్నప్పుడు వండించి, చల్లారాక పెరుగుతో తినండి. పచ్చిపులుసు మన దగ్గర ఎలాగూ పొయ్యి ఎక్కదు, పోపొక్కటి మానేస్తే ఈ రోజులకు బాగా సరిపోతుంది. ఉల్లిగడ్డ పడకపోతే అదీ తీసేయండి. గుండెల్లో మంట మొదలైతే మాత్రం పులుపు తగ్గించాలి.

అత్తమ్మను ఎల్లిపాయ మానేయమని అడగొద్దు. ఆ వంటిల్లు ఆమెది, ఆ కూర తినే మామయ్య ఉన్నారు. వేళ మార్చమని అడగండి, అదీ మీ ఆయనతో చెప్పించండి: "అమ్మా, పోపు పెట్టేముందు ఒక్క మాట చెప్తే ఆమె డాబా మీదికి పోతది. ఉగాది దాకనే." గడువు చెప్పడం ముఖ్యం. వేవిళ్లు సాధారణంగా ఆరో వారంలో మొదలై తొమ్మిది, పది వారాలకు బాగా ముదురుతాయి, పద్నాలుగు పదహారు వారాలకు ఎక్కువమందిలో దిగిపోతాయి. కొందరికి ఇరవై దాకా సాగుతాయి. మీరిప్పుడు శిఖరం మీదున్నారు. ఉగాదికి మీకు పదహారు వారాలు కావస్తాయి.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే ఓర్చుకోవాల్సిన పనిలేదు. డాక్సిలమైన్, బీ6 విటమిన్ కలిసిన మాత్ర ఈ బాధకు మొదట ఇచ్చే మందు. గర్భిణులకు ఎన్నో ఏళ్లుగా ఇస్తున్నదే. నిద్రమత్తు వస్తుంది కాబట్టి మొదట రాత్రిపూట మొదలుపెడతారు. మందుల షాపులో అడిగి తెచ్చుకోవద్దు, డాక్టరు రాయాలి. ఇప్పటికే ఐరన్ మాత్ర వేసుకుంటున్నారేమో చూసుకోండి, అది వికారాన్ని పెంచుతుంది. మామూలుగా మూడు నెలలు నిండాకే మొదలుపెడతారు, అప్పటిదాకా ఫోలిక్ యాసిడ్. మీకు ముందే ఎందుకు రాశారో అడగండి, చెప్పకుండా ఆపొద్దు.

ఇది వాసన బాధ దాటిపోయిందని తెలిసేది ఇలా. రోజంతా మంచినీళ్లు కూడా కడుపులో నిలవకపోవడం, ఎనిమిది గంటలైనా మూత్రం రాకపోవడం లేదా చిక్కటి పసుపులో రావడం, లేస్తే కళ్లు తిరగడం, వాంతిలో రక్తం, కడుపునొప్పి, జ్వరం. వీటిలో ఏది కనిపించినా అదే రోజు హన్మకొండ ప్రసూతి ఆసుపత్రికో, వరంగల్ సీకేఎంకో పోవాలి. తిండి అందక ఒంట్లో కొవ్వు కరిగితే మూత్రంలో కనిపించే కీటోన్లు ఉన్నాయేమో చూసి సెలైన్ ఎక్కిస్తారు. ప్రతి సోమవారం పొద్దున ఒకే తూకం మీద బరువు చూసుకోండి. గర్భానికి ముందు మీరు 50 కిలోలుంటే, రెండున్నర కిలోలు తగ్గడం చిన్న విషయం కాదు.

పుట్టింటికి పోవచ్చు, తప్పేం లేదు. అయితే అక్కడా ఒక వంటిల్లు, దానికో పోపు ఉంటాయి. మిర్చి బస్తాలు ఉండవు, అంతే తేడా. ముందు వారం రోజులు ఆయన బట్టలు బకెట్లో పడనివ్వండి, ఆ కాగితం రాయండి. కాగితంలో సాయంత్రం వాంతులే ఎక్కువుండి, బకెట్ వచ్చాక కూడా తగ్గకపోతే పది రోజులు అమ్మ దగ్గరికి పోయి రండి. వాంతులు పొద్దునే ఎక్కువుంటే ఊరు మారినా తేడా ఉండదు, మరమరాల డబ్బా తలగడ పక్కన పెట్టుకోండి.