ప్రివ్యూలో నచ్చిన రంగులు ఫైనల్‌లో లేవు: బ్యాలెన్స్ ఆపవచ్చా?

ప్రశ్న: మా పెళ్లి వీడియోగ్రాఫర్ ముందుగా ఒక చిన్న ప్రివ్యూ క్లిప్ పంపారు. రంగులు లేతగా ఉండి మాకు చాలా నచ్చింది. "కలర్స్ ఇలాగే ఉంచండి" అని మెసేజ్ పెడితే "ఓకే అండి" అన్నారు. ఫైనల్‌లో రంగులు ముదిరిపోయాయి, ముఖాలు ఎర్రగా ఉన్నాయి. అడిగితే, అది గ్రేడింగ్ చేయని ఫ్లాట్ క్లిప్ కాబట్టి తేడా సహజమేనని ఉత్తరం రాశారు. ఇది మోసం కాదా? బ్యాలెన్స్ ఇవ్వకుండా ఆపవచ్చా? (ఒక పాఠకురాలు)

జవాబు: ఉత్తరంలో ఆయన రాసిన సాంకేతిక విషయం నిజమే. చాలామంది వీడియోగ్రాఫర్లు కెమెరాను లాగ్ అనే పద్ధతిలో పెట్టి తీస్తారు. తెల్లని బట్టల మీది కుట్టుపని, చీకటి మూలల్లోని మనుషులు, రెండూ ఒకే షాట్‌లో పోకుండా ఉండేందుకు కెమెరా వెలుగు నీడల మధ్య తేడాను కుదించి రికార్డు చేస్తుంది. S-Log3 అనే రకంలో మామూలు తెలుపు కూడా సిగ్నల్‌లో 61 శాతం దగ్గరే కూర్చుంటుంది. అందుకే తెలుపు బూడిదరంగులోకి దిగి, బొమ్మంతా పాలిపోయినట్టు ఉంటుంది. దాన్ని మామూలు తెరకు తగినట్టు సర్దడమే గ్రేడింగ్. కాబట్టి మీకు నచ్చిన ఆ లేతదనం ఆయన తీర్చిదిద్దింది కాదు, పని ఇంకా పూర్తికాకపోవడం వల్ల కనిపించింది.

మోసం అనాలంటే మొదటినుంచీ ఉద్దేశం చెడ్డదని చూపించాలి. పూర్తికాని క్లిప్ పంపడంలో అది కనిపించదు. పోలీసు కేసు ఆలోచన వదిలేయండి.

అంతమాత్రాన ఆయన పూర్తిగా గట్టెక్కినట్టు కాదు. మీరు మామూలుగా రాసేసిన ఆ రెండు మెసేజ్‌లే నాకు ఉత్తరం కంటే ముఖ్యంగా కనిపిస్తున్నాయి. క్లిప్‌తోపాటు "కలర్ ఇంకా చేయలేదు" అని ఒక్క మాట రాసి ఉంటే, దాన్ని నమూనాగా చూడటానికి వీల్లేదనేవాణ్ణి. ఆ మాట ఉందో లేదో పాత మెసేజ్‌లు వెతకండి. లేకపోతే, మీరు కోరిన లుక్‌కు ఆయన ఒప్పుకున్నట్టే లెక్క. ఫ్లాట్ క్లిప్ అన్న సంగతి తెలిసింది ఆయనకే గానీ మీకు కాదు కదా. పని ముగిశాక రాసిన వివరణ ముందు ఇచ్చిన మాటను మార్చలేదు.

అయితే "ఇలాగే" అంటే అచ్చంగా ఆ ఫ్లాట్ బొమ్మేనని పట్టుబడితే ఎవరూ ఒప్పుకోరు. కాంట్రాస్ట్, రంగుల గాఢత తగ్గించి, లేత ధోరణిలో గ్రేడ్ చేయించుకోవడం న్యాయమైన కోరిక. అదే ఫుటేజీతో అది సాధ్యం కూడా. కాబట్టి ముందు అడగాల్సింది రీగ్రేడ్, డబ్బు వాపసు కాదు.

ముఖాల ఎరుపు సంగతి వేరు. అది ఇష్టాయిష్టాల తేడా కాకుండా నిజంగా పనిలో లోపం కావచ్చు. మొదట ఫోన్‌లో రంగులు పెంచే వివిడ్ మోడ్, పసుపు తెచ్చే నైట్ మోడ్ ఆపేసి, మరో తెర మీద కూడా చూడండి. అక్కడా ఎర్రగానే ఉంటే ఒక షాట్ ఎంచుకుని, సరిగ్గా అదే క్షణానికి మూడు ఫ్రేములు అడగండి: లాగ్ అసలుది, లాగ్‌ను మామూలు రంగుల్లోకి మార్చే లట్ అనే ప్రామాణిక ఫైలు మాత్రమే వేసినది, ఫైనల్‌ది. రెండోదాంట్లో చర్మం సహజంగా ఉండి మూడోదాంట్లో ఎర్రబడితే తేడా గ్రేడింగ్‌లో వచ్చింది, దాన్ని సరిచేయవచ్చు. రెండోదాంట్లోనే ఎర్రగా ఉంటే షూటింగ్ నాటి వైట్ బ్యాలెన్స్‌నో, అక్కడి లైట్లనో అనుమానించాలి. అలాగే తెల్లబట్టల మీది కుట్టుపని అసలు ఫ్రేములోనే పూర్తిగా తెల్లబారి ఉంటే, ఎంత గ్రేడ్ చేసినా తిరిగి రాదు. నష్టపరిహారం మాట అప్పుడు గట్టిగా ఎత్తవచ్చు.

బ్యాలెన్స్ మొత్తం ఆపేయమని మాత్రం చెప్పను. వీడియో చేతికొచ్చింది, ఎడిటింగ్ బాగానే ఉంటే పని చాలావరకు అయినట్టే. మొత్తం ఆపితే ఒప్పందం తప్పింది మీరే అని ఆయన తిరగబడవచ్చు. ఒప్పందంలో ఎన్ని కరెక్షన్లు ఉచితం, ఎన్ని రోజుల్లోగా చెప్పాలి అన్న నిబంధన చూడండి. ఆ గడువు దాటకముందే ఈమెయిల్‌లో అభ్యంతరం రాసి, వివాదంలో లేని పనికి డబ్బు ఇస్తామనీ, రీగ్రేడ్ వచ్చాక మిగతాది ఇస్తామనీ చెప్పండి.

అదే ఈమెయిల్‌లో ఇంకో వాక్యం తప్పకుండా చేర్చండి: "ఈ విషయం తేలేదాకా అసలు ఫుటేజీ, ప్రాజెక్ట్ ఫైళ్లు తొలగించవద్దు." డెలివరీ తర్వాత కొంతకాలానికి డిస్కులు ఖాళీ చేసుకోవడం ఈ పనిలో మామూలే. ఒప్పందంలో అసలు ఫైళ్లు మీకివ్వాలని లేకపోతే వాటిని చేతికిమ్మని పట్టుబట్టలేరు, దాచి ఉంచమని అడగవచ్చు. కుదరదంటే లీగల్ నోటీసు, ఆ తర్వాత సేవాలోపం కింద వినియోగదారుల కమిషన్. అక్కడికి వెళ్లినా, ఆ ఫైళ్లు లేకుండా ముఖాల ఎరుపు ఎక్కడ వచ్చిందో చూపించడం మీకు కష్టం.