పదులు పడ్డవాళ్లే గెలుస్తుంటే

తమ్ముడూ,

నువ్వు తయారుచేసి పంపిన పేకాట చదివాను, ఆడి కూడా చూశాను. నాలుగు రంగులు, ఒక్కో రంగులో 1 నుంచి 10 దాకా, మొత్తం 40 ముక్కలు. ఇద్దరికీ ఏడేసి పంచాలి. చెరో ముక్క బోర్లా పెట్టి ఒకేసారి తిప్పితే, పెద్దది వేసినవాళ్లకు ఆ పట్టు. ఎక్కువ పట్లు తీసినవాళ్లది గెలుపు. నేర్చుకోవడం తేలికే. కానీ ముక్కలు పంచేసరికే ఆట సగం తేలిపోతోంది.

లెక్క చూడు. ఏడు ముక్కల్లో ఒక్క పది కూడా పడకపోయే అవకాశం దాదాపు 45 శాతం. రెండు లేదా అంతకన్నా ఎక్కువ పడే అవకాశం సుమారు 13 శాతం. ఈ తేడా వల్లే ఆట చెడిందని అనను. ఏ పేకాటలోనైనా మంచి చెయ్యి, చెడ్డ చెయ్యి ఉంటాయి. అసలు చిక్కు ఏమిటంటే, నీ ఆటలో నిర్ణయం ముందు, సమాచారం తర్వాత వస్తున్నాయి. ఎదుటివాళ్లు ఏం వేశారో తెలియకుండా నా ముక్క పెట్టేశాక ఇక నేను ఆలోచించడానికి ఏం మిగిలింది? అదృష్టం ముందే కళ్లముందు కనబడి, ఆ తర్వాత ఏం చెయ్యాలో మనం తేల్చుకునేలా ఉంటే నైపుణ్యానికి చోటు దొరుకుతుంది.

దీన్ని పరీక్షించడం సులువు. ఇద్దరిలో ఒకరు తమ ముక్కలు చూడకుండా, కలిపి పైది పైది వేస్తూ పోవాలి. రెండోవాళ్లు బాగా ఆలోచించి ఆడాలి. చూడకుండా ఆడినవాళ్లు కూడా దాదాపు సగం ఆటలు గెలుస్తుంటే, ఆ ఆటలో నిర్ణయాలు ఉన్నట్టు కనిపిస్తున్నాయే తప్ప నిజంగా లేవు. నీది ప్రస్తుతానికి ఆ కోవలోనిదే.

ఒక్క మార్పు చేసి చూడు. మొదటి ముక్కను బోర్లా కాకుండా తెరిచి వెయ్యాలి, పట్టు గెలిచినవాళ్లే తర్వాతి పట్టుకు ముందు వెయ్యాలి. ఇప్పుడు అవతల 8 పడిందనుకో. నా చేతిలో 9, 10, 2 ఉంటే 9తో పట్టు తీయొచ్చు, లేదా 2 వదిలించుకుని పెద్దవి దాచుకోవచ్చు. తీస్తే వచ్చేసారి నేనే ముందు తెరవాలి, అంటే చూసి వేసే వీలు అవతలివాళ్లకు దక్కుతుంది. గెలుపుకు కూడా ఒక ఖరీదు ఏర్పడింది. ఇది కుదిరాక, పదుల జోరు ఇంకా ఎక్కువనిపిస్తే, 1 పదిని కొడుతుందని పెట్టు. రెండు మార్పులూ ఒకేసారి చెయ్యకు, ఏది పని చేసిందో నీకే తెలియకుండా పోతుంది.

ఆడించేటప్పుడు పంచిన చేతులు కాగితం మీద రాసుకో. కొన్నాళ్లయ్యాక, ముక్కలు గుర్తుండని సమయంలో, అవే చేతులు అటుదిటు చేసి మళ్లీ ఆడించు. రెండుసార్లూ ఒకే చెయ్యి గెలుస్తుంటే ముక్కలే ఆడుతున్నట్టు, ఒకే మనిషి గెలుస్తుంటే నైపుణ్యం ఆడుతున్నట్టు. డూప్లికేట్ బ్రిడ్జ్ అనే పేకాట పోటీల్లో అవే ముక్కలను అన్ని టేబుళ్లలోనూ ఆడించేది ఇందుకే. అయితే తొందరపడి తీర్పు ఇవ్వకు. 20 ఆటల్లో 12 గానీ అంతకన్నా ఎక్కువ గానీ గెలవడమంటే, నాణెం ఎగరేసినా నాలుగోవంతు సార్లు వచ్చే ఫలితమే. 15 దాటితే అప్పుడు పట్టించుకోవచ్చు.

ఇక రూల్‌బుక్. రాసిన కాగితం, ముక్కల కట్ట కొత్తవాళ్ల చేతికిచ్చి పక్కన కూర్చో, నోరు మెదపకు. వాళ్లు అడిగే ప్రశ్నకు జవాబు చెప్పాలని నాలుక దురద పెడుతుంది, ఆపుకో. పెట్టెలో నువ్వు ఉండవు కదా! వాళ్లు ఆగిన ప్రతి చోటా ఏ వాక్యం దగ్గర ఆగారో గుర్తు పెట్టుకో. అడక్కుండా తప్పుగా ఆడేసిన చోటు ఇంకా ముఖ్యం, ఎందుకంటే అక్కడ వాళ్లకు అనుమానమే రాలేదు.

'1 పదిని కొడుతుంది' అన్న వాక్యమే తీసుకో. ముందు 1 పడి, తర్వాత 10 పడితే? కొందరు 1దే పట్టు అంటారు, కొందరు 1 తర్వాత పడితేనే చెల్లుతుందంటారు. రెండూ వాక్యానికి సరిపోతాయి. 'ముందు ఎవరు వేసినా సరే, 10 మీద 1 గెలుస్తుంది' అని రాస్తే గొడవ ఉండదు. అలాగే ఇద్దరూ 7 వేస్తే ఏమిటో నువ్వు ఎక్కడా చెప్పలేదు. ముందు వేసినవాళ్లకే పట్టు అని పెడితే సరిపోతుంది. మొదటి పట్టు ఎవరు మొదలుపెట్టాలో కూడా లేదు. ఒక పేజీలో 'పట్టు', ఇంకో పేజీలో 'రౌండ్' అని రాశావు. చదివేవాళ్లు అవి రెండు వేరువేరనుకుంటారు, ఏదో ఒకటే ఉంచు.

ముందు తెరిచి వేసే పద్ధతి ఒక్కటే మార్చి ఆడించు. చేతులు రాసుకున్న కాగితం కూడా పంపు, చూస్తాను.

— నీ అన్న